ఎరుపు ఉన్న దారికే టైమ్ తక్కువ చూపిస్తే ఏది నమ్మాలి?

ఆరో ఫేజ్: సాయంత్రం 5.45కి గూగుల్ మ్యాప్స్‌లో తీసిన స్క్రీన్‌షాట్ ఇది. కేపీహెచ్‌బీ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి కారులో. నీలం గీత గచ్చిబౌలి, ఓఆర్ఆర్ మీదుగా 58 min. బూడిద గీత మెహదీపట్నం, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా 1 hr 3 min. నీలం దారిలో హైటెక్ సిటీ దగ్గర ముదురు ఎరుపు. బూడిద దారిలో ఆరెంజే గానీ ఎరుపు లేదు. మరి ఎరుపున్న దానికి టైమ్ తక్కువేంటి? రేపు రాత్రి 9.10కి ఫ్లైట్, ఏ దారి పట్టుకోవాలి?

రాత్రి డ్యూటీ: సింపుల్. అది ఈ క్షణంలో రోడ్డు మీదున్న వేగాలతో వేసిన లెక్క. మీరు హైటెక్ సిటీ చేరేసరికి ఆఫీసులు వదిలేస్తారు, 58 కాస్తా 80 అవుతుంది. ఆ సంగతి యాప్‌కి తెలీదు. బూడిద గీతలో పొండి.

మ్యాప్ పిచ్చి: రాత్రి డ్యూటీ గారూ, సగం కరెక్టు. రంగులు ఇప్పటివే. టైమ్ మాత్రం ఇప్పటిది ఒక్కటే కాదు. దారిని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క దగ్గరికి మీరు చేరే సమయానికి అక్కడ వేగం ఎంత ఉండొచ్చో అంచనా కడతారు. దగ్గరి ముక్కలకి లైవ్ వేగం బరువు ఎక్కువ. అరగంట తర్వాత వచ్చే ముక్కకి వారంలో ఆ రోజు, ఆ గంటలో మామూలుగా ఎలా ఉంటుందన్న పాత రికార్డు ఎక్కువ పనికొస్తుంది. గూగుల్, దాని ఏఐ సంస్థ డీప్‌మైండ్ కలిసి 2020లో బయటపెట్టిన వివరాలు కూడా ఇదే చెప్పాయి: పక్కపక్క ముక్కల్ని గుంపులుగా చేసి, జామ్ ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా పాకుతుందో మోడల్‌కి నేర్పారు. కాబట్టి ఆఫీసులు వదిలే టైమ్ యాప్‌కి బాగానే తెలుసు. తెలియనిది, ఇవాళే కురిసే వాన.

ఇక రంగుల సంగతి. ఎరుపంటే ఇన్ని కిలోమీటర్ల వేగమని స్క్రీన్ మీద ఎక్కడా రాసి ఉండదు. గీత ఎంత పొడుగు, ఆ ముక్కలో వేగం ఎంత అన్న రెండూ కలిస్తేనే నిమిషాలు తేలతాయి. మీ దారులకి ఉజ్జాయింపుగా వేసి చూద్దాం (వేగాలు నేను వెనక్కి లెక్కకట్టినవి, యాప్ చూపించదు).

నీలం దారి: ఎరుపు 3 కి.మీ., గంటకి 9 చొప్పున 20 నిమిషాలు. ఓఆర్ఆర్ ఎక్కేదాకా మిగిలిన 9 కి.మీ. 34 చొప్పున 16. ఓఆర్ఆర్ 22 కి.మీ. 88 చొప్పున 15. దిగాక టెర్మినల్‌కి 6 కి.మీ., 7 నిమిషాలు. మొత్తం 58.

బూడిద దారి: మెహదీపట్నం దాకా 15 కి.మీ., 24 చొప్పున 37 నిమిషాలు పైమాటే. ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కి.మీ., 12 నిమిషాలు. ఆరాంఘర్ నుంచి టెర్మినల్‌కి 12 కి.మీ., 13 నిమిషాల పైచిలుకు. మొత్తం 63.

పొడుగాటి ఆరెంజ్ నింపాదిగా 37 నిమిషాలు తినేస్తోంది. కంటికి మాత్రం ఎరుపే కనిపిస్తుంది.

రాత్రి డ్యూటీ: పాత రికార్డు సంగతి ఒప్పుకుంటా. కానీ ఆ లైవ్ వేగమే తప్పుంటే? మన దగ్గర బైకులు కార్ల సందుల్లోంచి దూరి వెళ్లిపోతాయి. వాటి ఫోన్లు కలిస్తే జామ్ కూడా ఆకుపచ్చగానే కనబడుతుంది. బెర్లిన్‌లో ఒకాయన 99 ఫోన్లు బండిలో వేసుకుని లాక్కెళ్తే ఖాళీ వీధి ఎర్రబడింది కదా.

మ్యాప్ పిచ్చి: ఆ బెర్లిన్ గొడవప్పుడే, 2020లో, ఇండియాతో పాటు కొన్ని దేశాల్లో కారుని, బైకుని వేరుగా గుర్తుపడుతున్నామని గూగుల్ చెప్పింది. ప్రతిసారీ కరెక్టుగా గుర్తుపడుతుందని మాత్రం నేను పూచీ పడను.

డెలివరీ శీను: అన్నా, నాకు స్కూటీ మీద ఓఆర్ఆర్ దారి అసలు రావట్లేదు, 1 hr 10 పైనే చూపిస్తోంది. యాప్ పాడైందా?

మ్యాప్ పిచ్చి: లేదు తమ్ముడూ. ఓఆర్ఆర్ మీదికి టూవీలర్లని రానివ్వరు, అందుకే ఆ దారి తీసేసింది. బైకు గుర్తు మార్చి కారు పెడితే దారి వస్తుంది గానీ టోల్ గేటు దగ్గర వెనక్కి పంపుతారు.

అత్తాపూర్ పిల్లర్ 143: బూడిద దారి గురించి ఒక మాట. ఎక్స్‌ప్రెస్‌వే పైన, పిల్లర్ల పక్కన కిందా రెండు రోడ్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఫోన్ జీపీఎస్‌కి ఎత్తు సరిగ్గా తెలీదు. కింద అత్తాపూర్‌లో ఇరుక్కున్న కారుని పైన పాకుతున్నట్టు, పైన దూసుకెళ్లే కారుని కింద వెళ్తున్నట్టు లెక్కేసే ప్రమాదం ఉంది. ర్యాంప్ ఎక్కిన చోటు, దిగిన చోటు చూసి సరిచేసుకుంటుంది గానీ మధ్యలో కష్టమే. గుర్తుపట్టాలంటే జూమ్ చేసి చూడండి. సిగ్నల్ లేని ఫ్లైఓవర్ నడిమధ్యన ముక్కలు ముక్కలుగా ఎరుపుండి, కింది రోడ్డుకీ అక్కడక్కడే అదే రంగుంటే అనుమానించాలి. నిజంగా పైన జామైతే దిగే ర్యాంప్ నుంచి వెనక్కి వరసగా ఎర్రబడుతుంది.

క్యాబ్ డెస్క్: అందరూ 58 కరెక్టా, 63 కరెక్టా అంటున్నారు. ఫ్లైట్‌కి ఆ ప్రశ్నే తప్పు. పైనున్న లెక్కలోనే చూడండి. 3 కి.మీ. ఎరుపులో వేగం 9 నుంచి 7కి పడితే 20 నిమిషాలు 26 దాకా పోతాయి. గంటకి 2 కి.మీ. తగ్గేసరికి నీలం దారి ఆధిక్యమంతా గల్లంతు. అదే ఓఆర్ఆర్ మీద 88 నుంచి 80కి పడితే పెరిగేది నిమిషంన్నర. తప్పంతా నెమ్మది ముక్కలోనే పుడుతుంది. పైగా ఈ రెండు దారులు కాలనీ దాటగానే విడిపోతాయి. హైటెక్ సిటీ దాకా పోయి మనసు మార్చుకుంటే మెహదీపట్నం చేరడానికి టోలిచౌకి జామ్ ఎదురవుతుంది.

స్క్రీన్ మీది అంకె మధ్యస్థపు అంచనా. చెడ్డ రోజు ఎంత పడుతుందో విడిగా అడగాలి. కంప్యూటర్‌లో `Leave now` బదులు `Depart at` పెట్టి రేపటి 5.45 ఇస్తే ఒక్క అంకె కాకుండా ఇంత నుంచి ఇంత అని చూపిస్తుంది. రెండు దారులకీ అందులోని పెద్ద అంకెలు పోల్చుకోండి. ప్రోగ్రామ్‌లోంచి దారులు అడగడానికి గూగుల్ ఇచ్చే రూట్స్ ఏపీఐ వాడేవాళ్లు ఇలా అడగొచ్చు:

```json
"travelMode": "DRIVE",
"routingPreference": "TRAFFIC_AWARE_OPTIMAL",
"trafficModel": "PESSIMISTIC",
"computeAlternativeRoutes": true,
"departureTime": "<రేపటి తేదీ>T12:15:00Z"
```

చివరి `Z` అంటే యూటీసీ, మన టైమ్ కన్నా ఐదున్నర గంటలు వెనక. సాయంత్రం 5.45 అంటే అక్కడ 12.15. `Z` ముందు 17:45 రాసేస్తే రాత్రి 11.15 ట్రాఫిక్ వస్తుంది, రెండు దారులూ పచ్చగా ఉంటాయి. కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఇదే.

రాత్రి డ్యూటీ: అంటే నేను మొదట చెప్పిందే కదా, బూడిద గీత.

మ్యాప్ పిచ్చి: అలా తేల్చేయలేం. మెహదీపట్నం దాకా 15 కి.మీ. సిగ్నళ్లే. అక్కడ 24 నుంచి 20కి పడితే ఏడెనిమిది నిమిషాలు పోతాయి. ఆ పెద్ద అంకె రెండిటికీ దగ్గరగా వస్తే నేను ఓఆర్ఆర్‌కే వెళ్తా.

క్యాబ్ డెస్క్: నేను వెళ్లను. ఓఆర్ఆర్ మీద ప్రమాదం జరిగి లేన్లు మూస్తే తర్వాతి ఎగ్జిట్ దాకా దిగే దారే ఉండదు. నగరంలో అయితే ఏదో సందు దొరుకుతుంది.

ఆరో ఫేజ్: 5.45 కాకుండా 5.10కి పెట్టి చూశా. రెండిటికీ తేడా 11 నిమిషాలు, నీలమే తక్కువ, ఎరుపు కిలోమీటరు కూడా లేదు. ముందే బయల్దేరి ఓఆర్ఆర్ పట్టుకుంటా.

అత్తాపూర్ పిల్లర్ 143: మంచిది. బయల్దేరే ముందు పిన్ ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. ఊరికే ఎయిర్‌పోర్టు పేరు కొడితే ఒక్కోసారి పార్కింగ్ వైపు తీసుకెళ్తుంది. డిపార్చర్స్ ర్యాంప్ మీద పెట్టండి. సెల్లార్ లోంచి కారు తీసి గేటు దాటే నిమిషాలు కూడా ఆ టైమ్‌లో కలవవు.