అప్‌డేట్: ప్లాన్ ఫొటో నుంచి కార్పెట్ ఏరియా

నేనడిగింది: "మియాపూర్ ఫ్లాట్ ప్లాన్ ఫొటో ఉంది, కింద స్కేల్ గీత ఉంది, కార్పెట్ ఏరియా లెక్కకట్టొచ్చా?"

కట్టొచ్చు. ప్లాన్ మీద రాసిన 1:100 అన్న స్కేల్ అంకె ఫొటోలో పనికిరాదు, గీత పనికొస్తుంది. అడ్డంగా ఆ 10 అడుగుల గీత 200 పిక్సెళ్లు, అంటే అడుగుకి 20. ఫొటో కాస్త వంచి తీసింది కాబట్టి నిలువుకి అదే నమ్మలేదు. 12 అడుగులని రాసున్న బెడ్‌రూమ్ గోడ 228 వచ్చింది, అడుగుకి 19. హాలు 340 బై 209, అంటే 17 x 11, 187 చదరపు అడుగులు. రెండువైపులా 20 వేస్తే 178కి పడిపోయేది!

గదులన్నీ, బాత్‌రూమ్‌లు, నడవాతో సహా 605. లోపలి అడ్డగోడలు కూడా రెరా లెక్కలో కార్పెట్‌లోకే వస్తాయి: 64 అడుగుల పొడవు, నాలుగున్నర అంగుళాల మందం, ఇంకో 24. మొత్తం 629. బాల్కనీ, బయటి గోడలు, షాఫ్ట్ కలపలేదు.