ద్విపద సిద్ధాంతం ఒక్క పేజీలో: చేసిన లెక్కలు ఉంచాలా, తీసేయాలా?

ద్వారకానగర్ విద్యార్థిని: ఇంటర్ రెండో సంవత్సరం. పౌర గ్రంథాలయంలో రెండు సాయంత్రాలు కూర్చుని ద్విపద సిద్ధాంతాన్ని ఒక్క పేజీకి కుదించాను. సూత్రాలతోనే పేజీ నిండిపోయింది. పుస్తకంలో చేసి చూపిన లెక్కలకు చోటు లేదు. వాటిని వదిలేయవచ్చా?

గాజువాక ఇంజినీరింగ్: నిశ్చింతగా వదిలేయండి. సూత్రాల పేజీ అంటే సూత్రాలే. లెక్క మొత్తం ఎత్తి రాస్తే అది ఇంకో నోటుపుస్తకం అవుతుంది. `|x| < 1` లాంటి షరతులు కూడా నేను రాసుకోలేదు. అవి దిద్దేవారి తృప్తి కోసం, అంతే.

మధురవాడ అమ్మ: మా అబ్బాయి పోయినేడాది ఇలాగే చీమల బారులా రాసుకున్నాడు. ఈ ఊరి ఉక్కకు చెమట చేతులు తగిలి సిరా అలుక్కుపోయింది. పరీక్ష ముందు రాత్రి `p` ఏదో `q` ఏదో తెలియక ఏడ్చినంత పని చేశాడు. లామినేషన్ చేసినవి ఎక్కడైనా అమ్ముతారా?

పెందుర్తి లెక్కల మాస్టారు: అమ్మా, అమ్ముతారేమో గాని, ఇంకొకరు కుదించిన పేజీ పిల్లలకు అంతగా పనికిరాదు. ఏది తీసేయాలో తేల్చుకోవడంలోనే సగం చదువు అయిపోతుంది.

గాజువాక బాబు లెక్క మొత్తం రాయవద్దన్నది సరే. షరతు సంగతి మాత్రం ఒప్పుకోను. `1/(1-x) = 1 + x + x² + …` లో `x = 2` వేసి చూడండి. కుడివైపు 1 + 2 + 4 + 8 అంటూ పెరిగిపోతుంది, ఎడమవైపు −1 వస్తుంది. షరతు లేకపోతే అది సూత్రమే కాదు. పైగా షరతు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. `(2+3x)^(-2/3)` విస్తరణకు `|x| < 1` అని రాసేవారే ఎక్కువ. 2 బయటికి తీస్తే లోపల మిగిలేది `3x/2`, కాబట్టి కావలసింది `|x| < 2/3`.

ఇక చోటు. మీ పేజీలో `(1+x)^(p/q)`, `(1-x)^(-p/q)` వగైరా నాలుగూ విడివిడిగా ఉండి ఉంటాయి. ఒక్కటి ఉంచండి:

```
(1-x)^(-p/q) = 1 + (p/1!)(x/q) + (p(p+q)/2!)(x/q)² + …
```

`x` బదులు `-x`, `p` బదులు `-p` పెడితే మిగతా మూడూ ఇందులోంచే వస్తాయి. అలా మిగిలిన చోటులో ఒక లెక్కకు మలుపు ఎక్కడుందో, అది మాత్రం రాయండి. ఉదాహరణకు 3/4 + (3·5)/(4·8) + (3·5·7)/(4·8·12) + … మొత్తం కనుక్కోవాలి. ఇందులో మలుపు హారంలో ఉంది. 4·8 అంటే 2!·4², 4·8·12 అంటే 3!·4³. అది కనిపించిందంటే `x/q = 1/4`. పైన 3, 5, 7 కాబట్టి `p = 3`, `q = 2`, అందుకని `x = 1/2`. శ్రేణి 1తో మొదలు కాలేదు గనుక చివర 1 తీసేయాలి. జవాబు 2√2 − 1. పేజీ మీద రెండు వరుసలు చాలు: «హారంలోంచి k! విడదీయి», «మొదటి 1 ఉందా చూడు».

గాజువాక ఇంజినీరింగ్: షరతు విషయంలో తప్పు నాదే. కానీ నాలుగు సూత్రాలను ఒకటి చేయడం మీకు తేలిక మాస్టారూ. గడియారం చూసుకుంటూ రాసే పిల్లలు గుర్తుల దగ్గరే బోల్తా పడతారు.

ద్వారకానగర్ విద్యార్థిని: అచ్చంగా అక్కడే పడ్డాను! పుస్తకం మూసేసి, పేజీ ఒక్కటే ముందు పెట్టుకుని 1 − 4/5 + (4·7)/(5·10) − … చేశాను. `p = 4`, `q = 3`, `x = 3/5` బాగానే వచ్చాయి. తొందరలో `(1-x)` లోనే వేసేశాను, జవాబు మూడు దాటింది.

పెందుర్తి లెక్కల మాస్టారు: మూడు దాటిందని గమనించారు, మంచిది. 1లోంచి 0.8 తీసేస్తూ మొదలైన శ్రేణి, పదాలు ఒకటి కూడుతూ ఒకటి తీస్తూ తగ్గుతూ పోతున్నాయి, అది 3 ఎలా అవుతుంది? సరైనది `(8/5)^(-4/3)`, సుమారు 0.53. ఇలా పుస్తకం మూసి చేసినప్పుడు ఎక్కడ ఆగిపోయారో అదే పేజీలో లేనిది. ఈ లెక్కను కూడా ఒక వరుసలో చేర్చండి: «గుర్తులు మారుతుంటే x బదులు −x».

గాజువాక ఇంజినీరింగ్: అంటే రెండో సూత్రం వెనక్కి వచ్చినట్టే కదా! ఆ వరుస బదులు `(1+x)^(-p/q)` పూర్తిగా రాసుకోమనే నేనంటాను.

పెందుర్తి లెక్కల మాస్టారు: రాసుకోమనండి, నేను అడ్డు చెప్పను. నా పిల్లల్లో సగం మంది అలాగే రాసుకుంటారు. నాకు మాత్రం ఇప్పటికీ నచ్చదు.

మధురవాడ అమ్మ: బాల్‌పాయింట్ పెన్నుతో రాయమ్మా, సిరా పెన్నుతో వద్దు.