డాలర్ ఇన్వాయిస్: లాభం 1,310 రూపాయలా, 3,000 రూపాయలా?

అమెరికా క్లయింట్‌కి 2,000 డాలర్ల ఇన్వాయిస్ పంపాను. ఆ రోజు రేటు 83 కాబట్టి 1,66,000 రూపాయలు అమ్మకాల్లో రాశాను. నెల తర్వాత డబ్బు వచ్చింది, కానీ మధ్యలో ఏదో బ్యాంకు 20 డాలర్లు కోసుకుంది. మిగిలిన 1,980 డాలర్లకు మా బ్యాంకు 84.50 చొప్పున 1,67,310 జమ చేసింది.

తేడా 1,310 మొత్తాన్ని ఫారెక్స్ లాభంగా రాసేశాను. ఇప్పుడు ట్యాలీలో పార్టీ ఖాతాలో ఇంకా 20 డాలర్లు బాకీ కనిపిస్తోంది. క్లయింటేమో మొత్తం పంపేశానంటున్నాడు, అదీ నిజమే.

2,000 డాలర్ల మీద రూపాయిన్నర చొప్పున లాభం 3,000, బ్యాంకు ఛార్జీలు 1,690 అని విడదీసి రాయాలా? అలా రాసినా నికరంగా మిగిలేది 1,310యే. అమ్మకాల అంకె మాత్రం ముట్టుకోకూడదనే అనుకుంటున్నాను. ఇన్వాయిస్, రాబడి రెండూ ఒకే ఆర్థిక సంవత్సరంలోవే. ఇలాంటి ఎంట్రీ వేసినవాళ్లు కాస్త చెప్పండి.