హెపారిన్, కేసీఎల్‌కి రెండో సంతకం: పొరపాటు ఆగుతుందా?

ఐసీయూ సిస్టర్: రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, పొటాషియం ఇంజెక్షన్ కేసీఎల్ ఇచ్చే ముందు ఇంకో సిస్టర్ చూసి సంతకం పెట్టాలని మా దగ్గర రూల్ వచ్చింది. నైట్‌లో ఉండేది ఇద్దరమే. దీనివల్ల పొరపాట్లు నిజంగా ఆగుతాయా, ఫైల్ కోసమేనా?

పీజీ రెసిడెంట్: ఆగుతాయి. ఇద్దరూ ఒకే తప్పు చేయడం అరుదు. సంతకం పెట్టాలంటే ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకునే చూస్తారు.

క్లినికల్ ఫార్మసిస్ట్: అరుదేం కాదు డాక్టర్‌గారూ. "గంటకి 2.2 పెట్టాను, ఒకసారి చూడు" అంటే రెండో ఆమె 2.2 ఉందో లేదో చూసి సంతకం పెట్టేస్తుంది. పేషెంట్ 60 కిలోలు, ఆర్డర్ కిలోకి గంటకి 18 యూనిట్లు అనుకోండి. గంటకి 1,080 వెళ్లాలి. 50 ఎంఎల్ సిరంజిలో 25,000 యూనిట్లుంటే 2.2 ఎంఎల్ సరిపోతుంది. కానీ మన దగ్గర 5 ఎంఎల్ వయల్ 5,000దీ దొరుకుతుంది, 25,000దీ దొరుకుతుంది. 5,000ది కలిపితే పంపు మీద అంకె సరిగ్గానే ఉంటుంది, మందు మాత్రం ఐదో వంతే వెళ్తుంది. రక్తం గడ్డకట్టే టైమ్ చూపే ఏపీటీటీ పెరగడం లేదని రేటు పెంచుకుంటూ పోతారు. తర్వాతి సిరంజి 25,000దానితో కలిపారో, పేషెంట్‌కి బ్లీడింగే.

అందుకే రెండో సిస్టర్ కేస్‌షీట్, బరువు, ఖాళీ వయల్ ముందు పెట్టుకుని, మొదటి ఆమె జవాబు వినకుండా తన లెక్క వేయాలి. ఆ తర్వాతే పంపు చూడాలి.

కరీంనగర్ నుంచి: మా నాన్నగారికి పొటాషియం సిరప్ రాశారు. ఇంట్లో మేమూ ఇద్దరం చూసుకోవాలా?

క్లినికల్ ఫార్మసిస్ట్: ఇక్కడ మాట్లాడేది నరంలోకి ఎక్కించే దాని గురించండీ. సిరప్ డోసు మీ డాక్టర్‌నే అడగండి.

రిటైర్డ్ మేట్రన్: లెక్క తప్పితే రెండో చెక్ పట్టుకుంటుంది, సరే. చేతికి వేరే మందు వస్తేనో? యాంటీబయాటిక్ కలపడానికి డిస్టిల్డ్ వాటర్ అనుకుని 10 ఎంఎల్ కేసీఎల్ ఆంపూల్ తీసిన పిల్ల ఎవర్నీ పిలవదు. నీళ్లకి సంతకం ఎవరడుగుతారు? అందులో 20 మిల్లీఈక్వివలెంట్ల పొటాషియం, నేరుగా తోస్తే గుండె ఆగిపోతుంది. 2006లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లోనూ ఇంతే. ఎంఎల్‌కి 10 యూనిట్ల హెపారిన్ ఉండాల్సిన అరలో 10,000ది పెట్టారు. లైన్ ఫ్లష్ చేయడానికే కదా అని ఒకరికి మించి నర్సులు అదే తీశారు. ముగ్గురు పసికందులు పోయారు. కేసీఎల్ వార్డులో ఉండనే కూడదు.

ఐసీయూ సిస్టర్: మా ఫార్మసీ రాత్రి మూసేస్తారు మేడమ్. పొటాషియం 2.1కి పడిపోయిన పేషెంట్ వస్తే?

రిటైర్డ్ మేట్రన్: వార్డుల్లోంచి తీసేసి, ఐసీయూలో మాత్రం తాళం వేసి విడిగా పెట్టండి. డిస్టిల్డ్ వాటర్ ఉన్న ట్రే దరిదాపుల్లో వద్దు.

పీజీ రెసిడెంట్: తాళంచెవి వెతికేలోపు పేషెంట్‌కి గుండె ఆగిపోతే బాధ్యత ఎవరిది?

క్లినికల్ ఫార్మసిస్ట్: ఎంత తక్కువున్నా దాన్ని కలిపి పంపు మీద మెల్లగా ఎక్కించాల్సిందేగా! తాళం తీసే రెండు నిమిషాలకి భయపడక్కర్లేదు.

ఐసీయూ సిస్టర్: తాళం సరే. రెండో సిస్టర్ సీపీఆర్‌లో ఉంటే రెండో లెక్క ఎవరు వేయాలి? డ్యూటీ డాక్టర్ వేస్తారా?

పీజీ రెసిడెంట్: నాకు అభ్యంతరం లేదు. అది నర్సింగ్ పని అనే సీనియర్లున్నారు, వాళ్లను మీరే ఒప్పించాలి.