అప్‌డేట్: ఇసుర్రాయి నుంచి బతుకమ్మకు మ్యాచ్ కట్ కుదిరింది

నేను అడిగింది: "మూడు నిమిషాల యానిమేషన్‌లో, పైనుంచి చూపించిన ఇసుర్రాయి షాట్ నుంచి భద్రకాళి చెరువులో తిరిగే బతుకమ్మకు కట్ చేశాను. రెండూ గుండ్రమే, అయినా కట్ దగ్గర కన్ను తడబడుతోంది. డిజాల్వ్ పెట్టాలా?"

ముందు 24 ఫ్రేముల డిజాల్వ్ పెట్టి చూశాను. ఇంకా చెడింది. డిజాల్వ్‌లో రెండు షాట్లూ కాసేపు ఒకదాని మీద ఒకటి కనిపించాలి. కెమెరాతో తీస్తే అందుకు షాట్ చివర కొంత అదనంగా మిగులుతుంది. నేనేమో కట్ దాకానే బొమ్మలు గీశాను. దాంతో ఆఖరి బొమ్మ ఆగిపోయి, రాయి బిగుసుకుపోయినట్టు కనిపించింది.

తర్వాత ఇక్కడ ఒక అన్న చెప్పినట్టు, బతుకమ్మ మొదటి ఫ్రేమును సగం పారదర్శకంగా చేసి రాయి ఆఖరి ఫ్రేము మీద పెట్టాను. తప్పు వెంటనే దొరికింది: రాయి ఎడమవైపు ఉంది, బతుకమ్మ నడిమధ్యలో ఉంది. జరిపి, సైజు కలిపాను.

అయినా చిన్న కుదుపు మిగిలింది. రాయి ఫ్రేముకు 15 డిగ్రీలు తిరుగుతుంటే బతుకమ్మ 5 డిగ్రీలే, అదీ ఎదురు దిక్కులో! దిక్కు మార్చి, మొదట అదే వేగంతో తిప్పి, 12 ఫ్రేముల్లో నెమ్మదింపజేశాను. ఆఖరి ఫ్రేములో రాయి పిడి ఉన్న చోటి నుంచి, తిరిగే దిక్కులోనే 15 డిగ్రీలు ముందుకు ఒక పెద్ద బంతిపువ్వు గీశాను. కన్ను పిడిని వదిలి పువ్వును పట్టుకుంటోంది. రాయి గరగర చప్పుడు కట్ దాటి 6 ఫ్రేములు వినిపిస్తుంది.

ఫేడ్ ఇప్పుడు ఒక్కటే ఉంది, చివర్లో చెరువు చీకటైనప్పుడు.