హాస్టల్‌లో ర్యాగింగ్: ఇప్పుడే కంప్లైంట్ ఇవ్వాలా, ప్రూఫ్ దొరికేదాకా ఆగాలా?

పరకాల నాన్న: మా బాబు హనుమకొండ దగ్గర ఇంజనీరింగ్ ఫస్టియర్, కాలేజీ హాస్టల్‌లోనే ఉంటాడు. రాత్రి అటెండెన్స్ అయ్యాక సీనియర్లు వీణ్ని, ఇంకో నలుగురు ఫస్టియర్ పిల్లల్ని మూడో అంతస్తుకు పిలిచి ఇంట్రో అంటూ గోడకుర్చీ వేయిస్తున్నారట, మొన్న ఒకడు చెంప మీద కొట్టాడు. ఇంట్లో చెప్పినట్టు తెలిస్తే ఇంకా ఎక్కువ చేస్తారని వాడి భయం. ముందు వీడియో తీయించమని మా బామ్మర్ది అంటున్నాడు. ఇప్పుడే కంప్లైంట్ ఇవ్వాలా, ప్రూఫ్ దొరికేదాకా ఆగాలా?

హసన్‌పర్తి రాజు: ఆగండి అన్నా. ప్రూఫ్ లేకుండా పోతే మీవాడే అబద్ధం చెప్తున్నాడు అంటారు. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి జేబులో పెట్టుకొని పొమ్మనండి, ఒక్క రాత్రి చాలు. అంత ధైర్యం లేకపోతే ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కి పేరు చెప్పకుండా ఫోన్ చేయండి. 24 గంటలూ పని చేస్తుంది, ఎవరు చేశారో ఎవరికీ తెలియదు.

పాత లెక్చరర్: రాజు గారూ, హెల్ప్‌లైన్ మాట కరెక్టే, రికార్డింగ్ మాట మాత్రం దయచేసి వెనక్కి తీసుకోండి. నేను ఆరేళ్లు యాంటీ ర్యాగింగ్ స్క్వాడ్‌లో ఉన్నాను. ఆ గదుల్లోకి వెళ్లగానే ముందు ఫోన్లన్నీ మంచం మీద పెట్టిస్తారు. రికార్డింగ్ నడుస్తున్న ఫోన్ దొరికిన పిల్లవాడి దవడ వాచిపోయి ఉండటం నేను కళ్లారా చూశాను. ప్రూఫ్ కోసం పిల్లవాణ్ని ఇంకో రాత్రి ఆ గదికి పంపడం ఏ తండ్రీ చేయకూడని పని.

అసలు ప్రూఫ్ తెచ్చే బాధ్యత మీది కాదు. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం సమాచారం అందగానే అది నేరం కిందికి వస్తుందా లేదా అని ప్రిన్సిపాల్ తేల్చాలి, వస్తే 24 గంటల్లోపు పోలీసులకు ఎఫ్ఐఆర్ కోసం ఇవ్వాలి. నోటిమాటతో చెప్తే ఈ గడియారం ఎప్పుడు మొదలైందో చూపించలేరు. మీరు వార్డెన్‌కు ఫోన్ చేస్తే ఆయన "చూస్తాను లెండి" అంటాడు, వారం తర్వాత అడిగితే మీరు ఫోన్ చేసినట్టే ఉండదు. అందుకే మెయిల్ పెట్టండి. ప్రిన్సిపాల్‌కు, అదే మెయిల్‌లో helpline@antiragging.in కు కూడా. ఎన్ని గంటలకు ఎవరికి చేరిందో దాంట్లోనే ఉంటుంది.

మెయిల్‌లో ఆవేశం వద్దు. ఇలా ఉంటే చాలు: "ఆగస్టు 19 మంగళవారం రాత్రి 11 దాటాక నా కొడుకును, ఇంకో నలుగురిని మూడో అంతస్తు చివరి గదికి పిలిచారు. దాదాపు 40 నిమిషాలు గోడకుర్చీ వేయించారు. అందరూ అన్నా అని పిలిచే ఫలానా విద్యార్థి ఎడమ చెంప మీద కొట్టాడు. ఈ రాత్రి నుంచి నా కొడుకును వేరే బ్లాక్‌లో ఉంచాలని కోరుతున్నాను." పూర్తి పేరు తెలియకపోతే పిలిచే పేరు, గది నంబరు, బ్రాంచి రాయండి. ఇదంతా బాబు ఈరోజే తన చేత్తో రాసి పెట్టుకోవాలి. నాలుగు రోజులు పోతే ఏ రాత్రి ఏం జరిగిందో కలగాపులగం అవుతుంది, ఎంక్వైరీలో మొదట పట్టుకునేది అక్కడే.

ఫైనల్ ఇయర్ సాయి: నేను సీనియర్‌నే, కోపం తెచ్చుకోకుండా వినండి. ప్రతి ఇంట్రో ర్యాగింగ్ కాదు. మాకూ అయ్యింది, ఇప్పుడు ఆ అన్నలే ఇంటర్న్‌షిప్‌లు చూపిస్తున్నారు. మెయిల్ పెడితే ఒకడి చదువు పోతుంది, మీవాడితో నాలుగేళ్లు ఎవరూ మాట్లాడరు.

పాత లెక్చరర్: సాయీ, పేరు, ఊరు అడిగితే ఇక్కడ ఎవరూ అభ్యంతరం చెప్పరు నాన్నా. ఆయన అడిగింది చెంపదెబ్బ గురించి. చదువు పోతుందన్నావు, కొన్నాళ్లు హాస్టల్ నుంచి పంపడం దగ్గర నుంచి అడ్మిషన్ రద్దు దాకా శిక్షలో మెట్లున్నాయి. ఏ మెట్టో కమిటీ చూసుకుంటుంది, ఆ బరువు కొట్టించుకున్నవాడి మీద వేయకు.

మానుకోట శైలజ: నాది అమ్మాయిల హాస్టల్, పదేళ్ల కిందటి మాట. మా అమ్మ వచ్చి వార్డెన్ మేడమ్‌కు నోటితో చెప్పింది. మేడమ్ ఆ ముగ్గురు అక్కలనూ నన్నూ ఒకే గదిలో నిలబెట్టి "ఏం చేశారో వీళ్ల ముందే చెప్పు" అన్నది. నా నోరు పెగల్లేదు. తర్వాత ఒక తెల్లకాగితం ముందు పెట్టి, మేం అక్కాచెల్లెళ్లలా ఉంటాం, ఎలాంటి ఇబ్బందీ లేదు అని రాయించుకున్నారు. ఆ రాత్రి నా బకెట్, దుప్పటి వరండాలో ఉన్నాయి. మళ్లీ కంప్లైంట్ ఇస్తే ఆ కాగితమే తీసి చూపించారు. అన్నా, ఆ రాజీ కాగితం మీద మాత్రం బాబును సంతకం పెట్టనివ్వకండి, మీరూ పెట్టకండి. విడిగా మాట్లాడితేనే మాట్లాడతాడని ముందే చెప్పండి.

హసన్‌పర్తి రాజు: సరే, రికార్డింగ్ వద్దు, ఒప్పుకుంటాను. కానీ పేరు పెట్టి మెయిల్ ఎందుకు? హెల్ప్‌లైన్‌లో పేరు దాచమని అడగొచ్చు కదా.

పాత లెక్చరర్: అడగొచ్చు. కానీ హెల్ప్‌లైన్ వాళ్లు వచ్చి కొట్టినవాణ్ని పట్టుకోరు, వివరాలు మళ్లీ కాలేజీకే పంపి జవాబు అడుగుతారు. ఆ రాత్రి గదిలో ఉన్నది ఐదుగురు జూనియర్లు. గది, టైము చెప్పగానే ఆ ఐదుగురిలో ఎవరని సీనియర్లు వెతుకుతారు. అప్పుడు పేరు దాచినట్టూ ఉండదు, పేరు మీద రక్షణ అడిగినట్టూ ఉండదు. మిగతా నలుగురి తల్లిదండ్రులకు ఫోన్ చేసి ఐదుగురూ కలిసి ఇస్తే అది వేరు. ఎవరూ కలిసిరాకపోతే ఒంటరిగా పేరుతో ఇవ్వాలా అన్నదానికి మాత్రం నా దగ్గర ఒకే జవాబు లేదు, కాలేజీ ఎలాంటిదో, పిల్లవాడు ఎంత తట్టుకోగలడో మీకే తెలుస్తుంది. మొదటి మూడు నెలలు పదిహేను రోజులకోసారి ఫస్టియర్ వాళ్లందరితో పేరు లేకుండా సర్వే చేయించాలని నిబంధన ఉంది, అది జరిగిందా అని కూడా అదే మెయిల్‌లో అడగండి. పిల్లవాడి పేరు ఎత్తకుండానే కాలేజీని కదిలించే ప్రశ్న అది.

హనుమకొండ వకీలు: రెండు మాటలు చెప్తాను. సీనియర్లు వాట్సాప్ గ్రూపులో పిలుస్తుంటే ఆ మెసేజ్‌లు పోయేలోపు స్క్రీన్‌షాట్ తీయండి, సేవ్ చేసిన పేరు కాకుండా నంబరు కనపడాలి. గ్రూపు నుంచి అప్పుడే బయటికి రావద్దు, ఫోన్ మార్చవద్దు, అసలు ఫోన్ అలాగే ఉండాలి. స్క్రీన్‌షాట్లు బంధువుల గ్రూపులో పెట్టకండి, గంటలో హాస్టల్‌కు చేరతాయి.

దెబ్బ తగిలితే ప్రైవేటు క్లినిక్ కాకుండా వరంగల్ ఎంజీఎం లాంటి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు చెప్పి ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు కాగితం, రాయించుకోండి. వాపు మానిపోతుంది, కాగితం ఉంటుంది. కాలేజీ కదలకపోతే మీరే స్టేషన్‌కు వెళ్లొచ్చు, కాలేజీ అనుమతి ఎవరూ అడగరు. మనకు 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, కంప్లైంట్ అందీ పట్టించుకోని ప్రిన్సిపాల్‌ను కూడా నేరానికి తోడ్పడినవాడి కిందే చూస్తుంది. బాబుకు 18 నిండాయా? బట్టలు విప్పించడం లాంటిది ఏదైనా జరిగి ఉంటే, వయసు నిండకపోతే అది పోక్సో కేసు కావచ్చు, రోజు కూడా ఆగకూడదు. ఒంటరిగా ఉన్నప్పుడు మెల్లగా అడగండి, పిల్లలు ఆ మాట చివర్లో చెప్తారు.

పరకాల నాన్న: అందరికీ దండం. నిన్న మధ్యాహ్నమే బస్సెక్కి పోయి, ఇంట్లో పని ఉందని లెటర్ రాసిచ్చి బాబును తీసుకొచ్చాను. రాత్రి వాడే కూర్చొని రెండు పేజీలు రాశాడు. చెంపదెబ్బ ఒకటి కాదు, మూడు. బట్టల సంగతి అడిగాను, అలాంటిది లేదన్నాడు. మిగతా నలుగురిలో ఇద్దరి నాన్నలు పేరు పెడతామన్నారు, ఒకాయన ఫోన్ పెట్టేశాడు, ఇంకొకరు ఎత్తలేదు. ముగ్గురి పేర్లతో సాయంత్రం 6:40కి మెయిల్ పెట్టాం. గంటలోపే వార్డెన్ ఫోన్ చేసి, మెయిల్ ఎందుకు సార్, వస్తే మాట్లాడుకుందాం కదా అన్నాడు. మెయిల్‌కు మెయిల్‌లోనే జవాబు ఇవ్వండి అన్నాను. వేరే బ్లాక్‌లో గది ఇచ్చినట్టు రాసిస్తేనే బాబును పంపుతాను. ఇంకా రాలేదు.