పిల్లి ఉచ్చ వాసన కార్పెట్టు వదలట్లేదు, ఎంజైము క్లీనరు ఎట్టా వాడాలి?

కావలి తమ్ముడు, డాలస్‌కి కొత్త:
అన్నలకి, అక్కలకి నమస్తే. రూమ్మేటు పిల్లి బెడ్‌రూములో గోడ పక్కన కార్పెట్టు మీద పోసింది. నా పరుపు మీద కూడా కాళ్ళవైపు ఒక చోట పోసింది. కార్పెట్టు మీద మచ్చ అన్నం తినే పళ్ళెమంత ఉండాది. ముందు వెనిగర్ నీళ్ళు పోసి, బట్టల సబ్బుపొడి వేసి బ్రష్షుతో గట్టిగా రుద్దాను. తర్వాత ఎంజైము క్లీనరు కొనుక్కొచ్చి స్ప్రే కొట్టి, ఫ్యాను పెట్టాను. రెండు రోజులు బానే ఉండింది. వాన పడ్డ రోజు మళ్ళీ గుప్పుమంది, మచ్చ కూడా ముందుకంటే వెడల్పయింది. ఆ మందు దొంగ సరుకంటారా? ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్టు పట్టుకుంటారేమో అని దిగులుగా ఉండాది.

నెల్లూరు అక్క, న్యూజెర్సీ:
ఎంజైములూ అవీ ఎందుకు తమ్ముడూ, డబ్బులు దండగ. వెనిగరే చాలు, కాకపోతే నువ్వు తక్కువ పోసుంటావు. స్టీమ్ క్లీనరు అద్దెకిస్తారు, తెచ్చి ఆవిరి పట్టించు, పురుగూ పుట్రా కూడా చస్తాయి. రుద్దడం మాత్రం తప్పు. పాత తువ్వాలు వేసి దాని మీద నిలబడి పీల్పించాలి. రుద్దితే లోపలికి దిగి, పక్కలకి పాకుతుంది.

ఒంగోలు అన్న, హ్యూస్టన్ (కార్పెట్టు క్లీనింగు పని):
అక్క చెప్పిన తువ్వాలు మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఆవిరి మాత్రం పట్టించొద్దు తమ్ముడూ. వేడి తగిలితే మచ్చ, వాసన రెండూ పీచులోకి గట్టిగా పట్టుకుంటాయి, ఆ తర్వాత నేను వచ్చినా చేయగలిగింది తక్కువ. కాచిన నీళ్ళు కూడా పోయొద్దు. వేడికి ఎంజైము చెడిపోతుంది.

నీ మందు దొంగది కాకపోవచ్చు. అది ఉచ్చ ఉన్నచోటికి చేరలేదు, చేరినంత మేర కూడా పనిచేసే టైము దానికి దొరకలేదు. ఉచ్చలో నీళ్ళల్లో కరిగిపోయే సరుకు కొంత, కరగనిది కొంత ఉంటుంది. కరగనిది యూరిక్ ఆమ్లం, ఎండితే సన్నటి పలుకుల్లా పీచుకి అంటుకుంటుంది. వెనిగరుకీ సబ్బుకీ కరిగే భాగమే పోతుంది, అందుకే రెండు రోజులు పోయినట్టే ఉండింది. గాలిలో తేమ పెరగ్గానే మిగిలింది మళ్ళీ వాసన కొడుతుంది. మనూళ్ళో కార్తీకమాసం వానల్లో గోనెసంచీ ముక్కవాసన లేస్తుందే, అట్టాగే.

ఇంకోటి, పళ్ళెమంత మచ్చ అంటే పైన కనిపించేది మాత్రమే. కార్పెట్టు కింద స్పాంజి మెత్త ఒకటి ఉంటుంది. ఉచ్చ దానిలోకి దిగి అడ్డంగా పరుచుకుంటుంది, కింద మచ్చ పైదానికి ఒకటిన్నర, రెండింతలు ఉండొచ్చు. నువ్వు పైన స్ప్రే కొడితే కార్పెట్టు పీచు కొసలు తడిశాయి, అంతే. పైగా వెంటనే ఫ్యాను పెట్టావు. ఈ సీసాల్లో చాలావాటిలో ఎంజైములతో పాటు మంచి బాక్టీరియా ఉంటుంది. అది తడిలోనే బతికి, ఉచ్చని తిని అరాయించుకుంటుంది. ఎండిందంటే పని ఆగిపోయినట్టే.

మచ్చ వెడల్పయిందన్నావు కదా, పైనుంచి ఆరేటప్పుడు కింది మెత్తలో మురికి తడితో పాటు పైకెక్కి కొసల దగ్గర ఆగింది. కొత్త మచ్చేం కాదు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తా. ముందు సబ్బు, వెనిగరు తీసెయ్యి. మచ్చ మీద రెండు స్టీలు గ్లాసుల చల్లనీళ్ళు పోసి, తడి లాగే వాక్యూమ్ ఉంటే లాగు. లేకపోతే మడత తువ్వాలు వేసి మీద నిలబడు, తువ్వాలు మార్చుకుంటూ ఇంక తడి ఎక్కనంతవరకు చెయ్యి. నురగ వస్తే మళ్ళీ నీళ్ళు పోసి లాగు. సబ్బు మిగిలితే ఎంజైము మందగిస్తుంది, ఆ చోటికి దుమ్ము కూడా తొందరగా అంటుకుంటుంది.

తర్వాత సీసా స్ప్రే మూత తీసేసి నేరుగా పొయ్యి. పెద్ద పిల్లి ఒకసారి పోసేది మామూలుగా అర టీకప్పు లోపే, కానీ మందు అంతకు మించి పట్టాలి, ఎందుకంటే అది కింది మెత్త దాకా దిగాలి. నీ మచ్చకైతే చుట్టూ జానెడు బయట నుంచి లోపలికి తిప్పుకుంటూ దాదాపు అర లీటరు పొయ్యి. బయటనుంచి ఎందుకంటే, నడిమిట్లో పోస్తే మురికిని ఇంకా బయటికి తోస్తుంది. చేత్తో అదిమి చూడు, వేళ్ళ సందుల్లోకి తడి ఉబికి వస్తే లోపలికి చేరినట్టు.

పైన చెత్తబుట్టకి వేసే ప్లాస్టిక్కు సంచి చించి పరిచి, అంచులకి పుస్తకాలు పెట్టు. సీసా మీద రాసిన టైము చూడు, పాత మచ్చకి ఒక రోజంతా తడిగా ఉంచడం మంచిది. మధ్యలో వాసన ఇంకా పెరిగినట్టు అనిపిస్తుంది, భయపడొద్దు, కరిగి బయటికొస్తోంది. ఇంకోటి కలపడానికి పోవద్దు. మర్నాడు ప్లాస్టిక్కు తీసి, తువ్వాలుతో పీల్పించి, అప్పుడు ఫ్యాను పెట్టు. అడుగుదాకా ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. పూర్తిగా ఆరాకే వాసన చూసి తీర్పు చెప్పాలి, తడిలో చూస్తే మోసపోతావు. పాతదానికి రెండో విడత తరచుగా కావాల్సొస్తుంది.

గూడూరు అబ్బాయి, చికాగో:
బ్లీచింగు నీళ్ళు పోస్తే ఒక్క దెబ్బకి పోతుంది కదన్నా?

ఒంగోలు అన్న:
వద్దు నాయనా. ఉచ్చలో అమోనియా ఉంటుంది, దానికి బ్లీచ్ కలిస్తే ఊపిరితిత్తులకి హానిచేసే ఆవిరి వస్తుంది. మూసిన గదిలో అసలు వద్దు. పైగా మనం పోసిన బాక్టీరియాని చంపేస్తుంది, కార్పెట్టు రంగూ పోతుంది. ఫినాయిలు లాంటివి కూడా ఆ బాక్టీరియాని చంపేస్తాయి. అమోనియా ఉన్న క్లీనరు వాడితే పిల్లి ముక్కుకి అది ఉచ్చ వాసనే, మళ్ళీ అక్కడికే వస్తుంది.

నెల్లూరు అక్క:
వెనిగరు గురించి నువ్వు చెప్పింది ఒప్పుకుంటా, ముందు వాడి కడిగేస్తే తప్పేం లేదు కదా. మా ఇంట్లో ఊలు రగ్గు ఉండాది, దానికి ఎంజైము పొయ్యొచ్చా?

ఒంగోలు అన్న:
కడిగేస్తే పర్వాలేదక్కా. ఊలుకి మాత్రం ఆగండి. ఊలు, పట్టు రెండూ జంతువుల నుంచి వచ్చే మాంసకృత్తే. ఈ సీసాల్లో చాలావాటిలో మాంసకృత్తుని తినే ఎంజైము ఉంటుంది, రాత్రంతా ఉంచితే రగ్గు పోగుల్ని కూడా పట్టుకోవచ్చు. ఊలుకి పనికొస్తుందని సీసా మీద రాసి ఉంటేనే, అదీ వెనకవైపు ఒక మూల చూసుకుని వాడండి. ఖరీదైన రగ్గయితే ఊలు ఉతికే వాళ్ళకివ్వడమే నయం.

మార్కాపురం చెల్లి, టొరంటో:
అన్నా, అసలు పిల్లిని అక్కడ పోయకుండా చేసేదెట్టా చెప్పండి. నిమ్మతొక్కలు పెడితే రాదంట. దాని మట్టిపెట్టె రోజూ శుభ్రం చేయమనండి.

ఒంగోలు అన్న:
తమ్ముడు అడిగింది మచ్చ గురించి చెల్లీ, కానీ మట్టిపెట్టె మాట మంచిదే. లోపల వాసన మిగిలితే ఎన్ని తొక్కలు పెట్టినా వస్తుంది, అందుకే మచ్చ ముందు.

కావలి తమ్ముడు:
అన్నా, యూవీ టార్చి కొన్నాను. చీకట్లో వేస్తే గోడ పక్కన ఒకటి కాదు, నాలుగు చోట్ల మెరిసింది. అంతా ఉచ్చేనా? పరుపు సంగతి ఇంకా మిగిలింది.

ఒంగోలు అన్న:
ఉచ్చ పసుపు పచ్చగా, పాలిపోయినట్టు మెరుస్తుంది. బట్టల సబ్బుపొడి తెల్లగా, నీలంగా మెరుస్తుంది. నువ్వు పొడి వేసి రుద్దావు కాబట్టి కొంత అదే అయ్యుంటుంది. టార్చి చోటు చూపిస్తుంది, ముక్కుతో ఖాయం చేసుకోవాలి. వంగి, దగ్గరగా, ఒక్కొక్క చోటా చూసి సుద్దముక్కతో గీత గియ్యి. 365 నానోమీటర్ల టార్చి అయితే ఊదారంగు వెలుతురు తక్కువ, మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది. 395ది చవక, దానితోనూ పని జరుగుతుంది.

పరుపు వేరే కథ. కార్పెట్టుకి పోసినంత పోస్తే లోపల ఆరక బూజు పడుతుంది. స్ప్రింగుల పరుపా, మెమరీ ఫోమా?

కావలి తమ్ముడు:
మెమరీ ఫోమ్, అన్నా.

ఒంగోలు అన్న:
అయితే జాగ్రత్త. పై కవరుకి జిప్పు ఉంటే తీసి విడిగా చల్లనీళ్ళల్లో ఉతుకు. ఫోము మీద తువ్వాలుతో పీల్పించి, మచ్చ తడిసేంత మందు కొద్దికొద్దిగా పోసి చేత్తో అదుము. పిల్లి పోసినంత మేర మందు పడితే చాలు. ప్లాస్టిక్కు కప్పి ఓ పూట ఉంచు. తర్వాత పరుపుని గోడకి నిలబెట్టి రెండు వైపులా గాలి తగిలేలా ఫ్యాను పెట్టు. పొడి టిష్యూ పెట్టి బరువుగా అదిమితే తడి అంటకూడదు, అప్పటిదాకా దుప్పటి పరవొద్దు. బేకింగ్ సోడా పూర్తిగా ఆరాక, ఆఖర్న చల్లి, రాత్రంతా ఉంచి వాక్యూమ్ చెయ్యి. ముందే చల్లితే మందులో ముద్దయి పోతుంది.

వాసన పోయి పసుపు మాత్రం మిగిలితే, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడు గుడ్డతో అద్దు. దాచిన మూల ముందు చూసుకో, రంగు పోగొడుతుంది. ఎంజైము పనయ్యాకే అద్దాలి, ముందు వాడితే బాక్టీరియా చస్తుంది. వెనిగరుతో మాత్రం కలపకు.

గూడూరు అబ్బాయి:
మెమరీ ఫోమ్‌కి ఒకసారి ఉచ్చ లోతుకి దిగితే వదలదని విన్నా. పారేసి కొత్తది కొనుక్కో భయ్యా, వాటర్‌ప్రూఫ్ కవరు వేసుకో.

ఒంగోలు అన్న:
పాతబడి మళ్ళీ మళ్ళీ పోసినదైతే నేనూ అదే చెప్తా. ఒకసారి పోసినది చాలావరకు బాగవుతుంది. రెండు విడతలయ్యాక కూడా ఉంటే అప్పుడు ఆలోచించుకో. కవరు మాట మాత్రం ఇవాళే.

నెల్లూరు అక్క:
డిపాజిట్టుకి ముందే ఓనరుకి చెప్పాలా, చెప్పకూడదా? నేనైతే చెప్పను.

ఒంగోలు అన్న:
కార్పెట్టు వాళ్ళది కదక్కా. రెండు విడతలకీ పోకపోతే మూల ఎత్తి కింద స్పాంజి కోసి మార్చి, చెక్క నేలకి వాసన పైకి రాకుండా ఆపే షెల్లాక్ ప్రైమరు పూత కొట్టాలి, అది వాళ్ళ అనుమతి లేకుండా చేయలేం. అప్పుడు రాతపూర్వకంగా అడగాల్సిందే. మార్చేదాకా రాకపోతే మీ మాటే అనుకోండి, రెండు వాదనలూ ఉన్నాయి.

తమ్ముడూ, ఆ పిల్లి మగదా? మట్టిపెట్టెకి మాటిమాటికీ వెళ్ళి, ముక్కుతూ, ఉచ్చ చుక్కలుగా పోస్తోందా, అసలు రావట్లేదా అని మీ రూమ్మేటును అడుగు. మగపిల్లికి మూత్రం దారి మూసుకుపోతే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది, తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీ పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమను.

కావలి తమ్ముడు:
మగదే అన్నా. ఇప్పుడే అడుగుతున్నా.